వడి మాటలో వర్ణాల కలయిక, లోపం: నిఘంటురూపానికి, నోటిమాటకు నడుమ

తెలుగును వ్రాసినట్లే చదువుతారని, చదివినట్లే పలుకుతారని ఒక నమ్మకం పండితులలోను, పాఠకులలోను చాలాకాలంగా ఉంది. తెలుగు నిఘంటువులు సాధారణంగా పదానికి ప్రత్యేకంగా ఉచ్చారణ ఇవ్వకపోవడానికి ఈ నమ్మకమే కారణం. పదాన్ని లిపిలో ఇస్తే ఉచ్చారణ ఇచ్చినట్లే అని వాటి ఊహ. విడిపదాన్ని నెమ్మదిగా పలికినప్పుడు ఈ ఊహ చాలావరకు నిలుస్తుంది. పదాలు వాక్యంలో చేరి, మాట వడిగా సాగినప్పుడు నిలవదు. ‘అడుగుతాడు’ అని వ్రాసినది ‘అడుక్తాడు’ అని వినబడుతుంది. ‘పట్టుకొని’ అన్నది ‘పట్కొని’ అవుతుంది. ‘ఇంటికి వచ్చాడు’ అన్న రెండు పదాలు ‘ఇంటికొచ్చాడు’ అన్న ఒక్క పలుకుగా చెవిన పడతాయి.

ఈ భేదాన్ని వివరించేటప్పుడు సాధారణంగా అనుసరించే పద్ధతి ఒకటుంది. నిఘంటురూపాన్ని మూలంగా తీసుకొని, వడివల్ల అందులో ఏ వర్ణం జారిపోయిందో, ఏది మారిపోయిందో చెప్పడం ఆ పద్ధతి. ఇందులో రెండు లోపాలున్నాయి. వక్త నోట మొదట ఉండేది నిఘంటురూపమే అన్నది నిరూపణ లేని ఊహ. నిఘంటురూపం వడి మాటకు అతీతమైనది అన్నది అంతకంటె పెద్ద పొరపాటు. ఈ రెండింటినీ పరీక్షించడానికి కొత్త సామగ్రి అక్కరలేదు. నిత్యవ్యవహారంలోని పది పన్నెండు క్రియారూపాలు చాలు.

మొదట ‘ఇంటికొచ్చాడు’ అన్న మాటను చూడాలి. చిన్నయసూరి బాలవ్యాకరణం (1858) ప్రకారం ఏమ్యాదుల ఇత్తుకు అచ్చు పరమైనప్పుడు సంధి వైకల్పికం. ఆ ఏమ్యాదులలో ‘కి’ విభక్తి కూడా ఉంది. కాబట్టి ‘ఇంటికి’ తరువాత అచ్చుతో మొదలయ్యే పదం వస్తే ‘కి’లోని ఇకారం లోపించడంలో వింత లేదు. కాని ‘వచ్చాడు’ అన్నది అచ్చుతో మొదలు కాదు, వకారంతో మొదలవుతుంది. సూత్రం ప్రకారం ఇక్కడ సంధికి తావే లేదు. అయినా చదువుకొన్నవారు, చదువుకోనివారు అందరూ ‘ఇంటికొచ్చాడు’, ‘ఇంటికెళ్తాను’, ‘నాకొద్దు’, ‘ఆకలేస్తోంది’, ‘భయమేస్తోంది’ అంటారు. వీటిలో ప్రతిదానిలోను రెండో పదం లిపిలో వకారాదే.

జరిగినది ఒక్క మార్పు కాదు, రెండు. ముందు రెండో పదం మొదటి వకారం పోయింది. ‘వెళ్తాను’ ‘ఎళ్తాను’ అయింది, ‘వేస్తోంది’ ‘ఏస్తోంది’ అయింది. ‘వ’కారం తరువాత అకారం ఉన్నచోట ఆ అకారం పెదవుల గుండ్రదనాన్ని తీసుకొని ‘ఒ’ అయింది, ‘వచ్చాడు’ ‘ఒచ్చాడు’ అయింది. ఇలా అచ్చు మొదటికి వచ్చిన తరువాతనే సంధికి వీలు కలిగింది. మొదటి మార్పు రెండోదానికి దారి వేసిందన్న మాట. క్రమం తారుమారైతే ఫలితం రాదు. ‘ఇంటికి’లోని ఇకారం ముందే లోపిస్తే ‘ఇంటిక్ వచ్చాడు’ అన్న రూపం మిగలాలి. అలా ఎవరూ అనరు.

ఈ క్రమం వక్త మనసులో నిజంగా ఉందా, లేక విశ్లేషకుడు కల్పించినదా అన్న ప్రశ్న సహజం. దీనికి సమాధానం మాండలికాలే ఇస్తున్నాయి. ఉత్తర తెలంగాణలో కరీంనగర్ ప్రాంతంలో ‘వచ్చిండు’కు ‘అచ్చిండు’ అన్న రూపం వాడుకలో ఉంది. అక్కడ వకారం పోయింది గాని అకారం గుండ్రబడలేదు. అక్కడి వక్త రెండు పదాలను కలిపినప్పుడు వచ్చే రూపం ‘ఇంటికచ్చిండు’. కోస్తా వక్త నోట ‘ఇంటికొచ్చాడు’. నిఘంటువులో ఇద్దరికీ ఒకే ‘వచ్చు’ ధాతువు ఉంది. ఆ నిఘంటురూపమే సంధికి మూలమైతే ఇద్దరి సంధిరూపాలూ ఒకే తీరుగా ఉండాలి. అవి భిన్నంగా ఉన్నాయంటే సంధి పొందినది నిఘంటువులోని ‘వచ్చు’ కాదు, ఎవరి నోటిలోని పదం వారిది. సంధి ఇక్కడ రూపాన్ని చెరపలేదు. లిపి దాచిన రూపాన్ని బయటపెట్టింది.

ఇక్కడ సామాజికమైన ఒక చిక్కు కూడా ఉంది. ‘ఎళ్తాను’, ‘ఒచ్చాడు’ అని విడిగా, వాక్యం మొదట పలికితే అది నాటు ఉచ్చారణగా లెక్కకు వస్తుంది. బడిలో దిద్దుతారు. అలా దిద్దే ఉపాధ్యాయుడే మరుక్షణంలో ‘ఇంటికెళ్తాను’ అంటాడు. అది దోషమని ఆయనకు తోచదు, వినేవారికీ తోచదు. రెండు చోట్లా పోయినది అదే వకారం. ఒకచోట అది విడిగా నిలబడి కంటబడింది, మరొకచోట సంధిలో కలిసిపోయింది. ఉచ్చారణదోషమని పిలిచేదానిలో ఎంత భాగం ధ్వనికి చెందినదో, ఎంత భాగం అది వినబడే చోటుకు చెందినదో ఈ ఒక్క ఉదాహరణతో తేలుతుంది.

అయితే వకారలోపం అన్ని పదాలకూ వర్తించదు. శిష్టుల నోట ఇది రావడం, వెళ్ళడం, వేయడం, వద్దనడం వంటి బాగా అలవాటైన దేశ్యక్రియలకు పరిమితం. ‘ఇంటికి వరుడు వచ్చాడు’ అన్నప్పుడు ‘ఇంటికొరుడు’ అనే శిష్టవక్త కనబడడు. ‘ఊరికి వైద్యుడు కావాలి’లోను అంతే. ‘నేను విన్నాను’ను ‘నేనిన్నాను’ అనడం గ్రామవ్యవహారంలో ఉన్నా శిష్టవ్యవహారంలోకి రాలేదు. ధ్వనిపరిసరం ఒకటే అయినా తత్సమాలు లొంగలేదు, దేశ్యాలలోనూ కొన్నే లొంగాయి. కనుక ఇది కేవలం నోటి సౌలభ్యంతో వివరించదగిన మార్పు కాదు. ఏ పదం ఎంత తరచుగా నోట నలుగుతుంది, ఏది ఏ స్థాయి పదమని వక్త తలుస్తాడు అన్నవి కూడా కలిసే పనిచేస్తున్నాయి.

సంప్రదాయ సూత్రానికి, వ్యవహారానికి సూటిగా విరోధం వచ్చే చోటు మరొకటి ఉంది. క్త్వార్థకమైన ఇత్తుకు సంధి లేదని బాలవ్యాకరణ నియమం. కావ్యభాషలో ‘వచ్చి’ మీద ‘ఇచ్చె’ చేరితే యడాగమం వస్తుంది గాని సంధి రాదు. నేటి వ్యవహారంలో ‘చేసి ఇచ్చాడు’ వడిగా ‘చేసిచ్చాడు’ అవుతుంది. ‘తెచ్చి ఇచ్చాడు’ ‘తెచ్చిచ్చాడు’ అవుతుంది. దీన్ని సూత్రభంగమని కొట్టివేయడం సులభమే. కాని చిన్నయసూరి సూత్రీకరించినది పద్యపాదాలలో కవులు పాటించిన పద్ధతిని. ఆయన నోటిమాటను వర్ణిస్తున్నానని చెప్పుకోలేదు. తప్పు ఆ సూత్రాన్ని నోటిమాటకు కొలబద్దగా తెచ్చినవారిది. గిడుగు రామమూర్తి వ్యావహారిక భాషోద్యమకాలంలో పట్టుబట్టి చెప్పిన విషయాలలో నోటిమాటకూ తనదైన వ్యాకరణం ఉందన్నది ముఖ్యమైనది. భద్రిరాజు కృష్ణమూర్తి, జె.పి.ఎల్. గ్విన్ కలిసి ప్రకటించిన ‘ఎ గ్రామర్ ఆఫ్ మోడర్న్ తెలుగు’ (1985) ఆధునిక వ్యవహారాన్ని ప్రమాణంగా తీసుకొన్న వ్యాకరణం. అయినా విశ్వవిద్యాలయ స్థాయి పాఠాలలో సంధి అనగానే నేటికీ పద్యోదాహరణలే ముందుకు వస్తాయి.

సంధిప్రకరణం సాధారణంగా పదానికి, పదానికి నడుమ జరిగేదాన్ని చూస్తుంది. వడి మాటలో అంతకంటె ఎక్కువ మార్పు పదం లోపల, ధాతువుకు ప్రత్యయానికి నడుమ జరుగుతుంది. అక్కడ పోయేది రెండు హల్లుల మధ్య ఉన్న హ్రస్వాచ్చు, ముఖ్యంగా ఇకార ఉకారాలు. ‘తెలుసు’ ‘తెల్సు’ అవుతుంది, ‘పిలిచాడు’ ‘పిల్చాడు’ అవుతుంది, ‘చేసుకొని’ ‘చేస్కొని’ అవుతుంది. దీర్ఘాలు ఇలా పోవు. పదంలోని మొదటి అచ్చు కూడా ఇలా పోదు.

మధ్యలోని ఇ, ఉలు మాత్రమే ఎందుకు ఇంత తేలికగా పోతున్నాయి? అవి పలకడానికి తక్కువ కాలం పట్టే అచ్చులన్నది ఒక కారణం. అంతకంటె బలమైనది మరొకటి ఉంది. తెలుగు క్రియలో మధ్యాచ్చు స్వతంత్రంగా నిలబడదు, తరువాతి అచ్చును చూసి మారుతుంది. ‘అడుగు’ అన్నప్పుడు ఉకారం, ‘అడిగి’ అన్నప్పుడు ఇకారం, ‘అడగక’ అన్నప్పుడు అకారం. ‘కలుపు, కలిపి’లోను, ‘చదువు, చదివి’లోను ఇదే తీరు. తరువాతి అచ్చు తెలిస్తే మధ్యాచ్చు ఏదో చెప్పనక్కరలేదు. అది లేకపోయినా శ్రోతకు పోయిన సమాచారమేమీ లేదు. మొదటి అక్షరంలోని అచ్చు అలాంటిది కాదు. ‘పడి’ వేరు, ‘పొడి’ వేరు, ‘పిడి’ వేరు. అక్కడి అచ్చును ఊహించి పూరించుకోవడం శ్రోతకు సాధ్యం కాదు కాబట్టి వక్త దాన్ని వదలడు. వడి మాట విచ్చలవిడిగా వర్ణాలను మింగుతుందన్న అభిప్రాయం ఇక్కడ నిలవదు. అది శ్రోత తిరిగి నింపుకోగల వర్ణాన్నే వదులుతున్నది.

మధ్యాచ్చు పోయిన తరువాత అంతవరకు దూరంగా ఉన్న రెండు హల్లులు ఒకదానికొకటి తగులుతాయి. వర్ణసమీకరణం మొదలయ్యేది అక్కడే. ‘అడుగుతాడు’లో చివరి ‘గు’లోని ఉకారం పోతే గకారం తకారానికి ఆనుకొంటుంది. గకారం సరళం, తకారం పరుషం. పరుషం కోసం నాదం ఆపవలసిన వక్త గకారం పలికేటప్పుడే దాన్ని ఆపేస్తాడు. సరళం పరుషమై ‘అడుక్తాడు’ అవుతుంది. ‘ఆడుతాడు’ ముందు ‘ఆడ్తాడు’ అయి, ఇంకా వడి పెరిగితే ‘ఆట్తాడు’కు దగ్గరవుతుంది. పరిశోధకుడికి ఇందులో పనికివచ్చే గుర్తు ఒకటి ఉంది. అచ్చు పూర్తిగా పోయిందా, కేవలం కుదించుకుపోయిందా అన్నది చెవితో తేల్చడం కష్టం. కాని గకారం కకారంగా వినబడితే సందేహం తీరుతుంది. నడుమ అచ్చు ఏమాత్రం మిగిలి ఉన్నా నాదం కొనసాగుతుంది, సమీకరణానికి వీలుండదు. ‘అడుగ్తాడు’ అని వినబడితే రెండింటిలో ఏదైనా కావచ్చు. ‘అడుక్తాడు’ అని వినబడితే అచ్చు పోయినట్లే.

ఇప్పుడు అసలు ప్రశ్నకు రావచ్చు. ‘అడుక్తాడు’ను వడి మాటగా, వ్రాతకు తగనిదిగా భావిస్తారు. దాని పక్కన మరి మూడు రూపాలను ఉంచి చూడాలి. ‘తిను’ ధాతువుకు ‘తాడు’ చేరితే ‘తింటాడు’. ‘చూచు’ ధాతువుకు చేరితే ‘చూస్తాడు’. ‘వెళ్ళు’కు చేరితే ‘వెళ్తాడు’. మూడింటిలోను ధాత్వంతంలోని ఉకారం పోయింది. మూడింటిలోను హల్లులు తగిలి మారాయి. ‘తింటాడు’లో ప్రత్యయంలోని తకారం టకారమైంది. ‘చూస్తాడు’లో చకారం సకారమైంది. ‘వెళ్తాడు’లో ళకారద్విత్వం ఒక్క ళకారంగా తగ్గింది. ‘అడుక్తాడు’లో జరిగినదీ ఇదే తీరు మార్పు. అయినా ‘తింటాడు’, ‘చూస్తాడు’ వ్యాకరణంలో సాధురూపాలు. ‘వెళ్తాడు’ను పత్రికలు ‘వెళతాడు’, ‘వెళ్ళుతాడు’లతో పాటు సంకోచం లేకుండా అచ్చు వేస్తాయి. ‘అడుక్తాడు’ మాత్రం సంభాషణ చిత్రణలో తప్ప వ్రాతలో కనబడదు. ధ్వనిశాస్త్రం దృష్టిలో నాలుగూ ఒకే కుటుంబం. వాటి నడుమ గీత గీసినది ధ్వని కాదు, అంగీకారం.

ఈ నాలుగూ అన్ని విధాలా సమానమని దీని అర్థం కాదు. వాటిని వేరు చేయడానికి నెమ్మదిగా పలికించి చూడడం అనే సులువైన పరీక్ష ఉంది. వక్తను ఎంత నెమ్మదిగా పలకమన్నా ‘తినుతాడు’ అనడు. ‘తింటాడు’ అనే అంటాడు. అక్కడ పోయిన ఉకారం ఇక తిరిగి రాదు. ‘అడుక్తాడు’ను నెమ్మదిగా పలకమంటే ‘అడుగుతాడు’ వెంటనే తిరిగి వస్తుంది, గకారం కూడా వెనక్కి వస్తుంది. ‘వెళ్తాడు’ ఈ రెండింటి నడుమ ఊగుతుంది. ఒకడు ‘వెళ్ళుతాడు’ అని విడదీస్తాడు, మరొకడు ‘వెళ్తాడు’ అనే ఉంచుతాడు. వడికి లోబడినది, వడికి అతీతంగా స్థిరపడినది అన్న భేదం ఇలా నిర్ణయించవచ్చు. నిఘంటువులో ఉన్నదా లేదా అన్నదాన్ని బట్టి నిర్ణయించడానికి వీలు లేదు.

ద్విత్వం తగ్గడం ‘వెళ్తాడు’కే పరిమితం కాదు. ‘పట్టుకొని, పెట్టుకొని, చెప్పుకొని’ వడిగా ‘పట్కొని, పెట్కొని, చెప్కొని’ అవుతాయి. ఉకారం పోయి ‘ట్ట్’ తరువాత కకారం వస్తే మూడు హల్లులు వరుసగా పలకవలసి వస్తుంది. తెలుగు నోటికి అది ఇష్టం లేదు కాబట్టి ద్విత్వంలో ఒకటి రాలిపోతుంది. సంయుక్తంలోని హల్లులు వేరువేరు అయినప్పుడు ఈ వెసులుబాటు లేదు. ‘మార్చుకున్నాడు’లో ఉకారం పోతే ‘ర్చ్క’ మిగలాలి. అందులో దేన్ని వదిలినా ధాతువు గుర్తుపట్టరాకుండా పోతుంది. అందుకే ఎంత వడిలోనూ ఆ ఉకారం దాదాపు నిలిచే ఉంటుంది. ‘గుర్తుకు’ అన్న మాటలోనూ ఇంతే. లోపనియమాన్ని ‘హల్లుల నడుమ ఉకారం పోతుంది’ అని ఊరుకుంటే ఈ రూపాలు సమాధానం లేకుండా మిగిలిపోతాయి. ముందున్నది ఒంటి హల్లా, ద్విత్వమా, సంయుక్తమా అన్నది నియమంలో భాగం కావాలి.

వర్ణాలు ఇలా కలిసిపోయినప్పుడు అర్థం చెడే ప్రమాదం లేదా? ఉంది. ‘పడుకున్నాడు’, ‘పట్టుకున్నాడు’ అన్న జంట దానికి మంచి నిదర్శనం. వ్రాతలో ఈ రెండింటికీ ఏ అనుమానమూ లేదు. వడిలో ‘పడుకున్నాడు’లోని ఉకారం పోయి ‘పడ్కున్నాడు’ అవుతుంది. తరువాతి కకారం పరుషం కాబట్టి డకారం టకారానికి జరుగుతుంది. ‘పట్టుకున్నాడు’లోని ఉకారం పోయి, ద్విత్వం తగ్గి ‘పట్కున్నాడు’ అవుతుంది. వేరువేరు దారులలో బయలుదేరిన రెండు పదాలు దాదాపు ఒకేచోటికి చేరాయి. ‘పిల్లవాడు పట్కున్నాడు’ అని గది అవతల నుంచి వినబడితే నిద్రపోయాడో, దేన్నో చేతబట్టాడో ధ్వని ఒక్కటే చెప్పలేదు. సందర్భం చెబుతుంది. వక్తకు సందిగ్ధం తోచినప్పుడు మొదట చేసే పని వదిలిన అచ్చును తిరిగి తెచ్చుకోవడం. ‘పడుకున్నాడు’ అని మళ్ళీ అనేటప్పుడు ఆ ‘డు’ స్పష్టంగా పలుకుతుంది. పోయిన వర్ణం వక్త మనసులో పోలేదనడానికి ఇంతకంటె సాక్ష్యం అక్కరలేదు.

ఇదే జంట తెలంగాణలో, రాయలసీమలో ఇంత ఇబ్బంది పెట్టదు. అక్కడ చాలామంది నోట నిద్రించడానికి ఉన్న పదం ‘పండుకొను’. ‘పండుకున్నడు’ ఎంత వడిగా పలికినా అనునాసికం మిగిలి ఉంటుంది. ‘పండ్కున్నడు’ను ‘పట్కున్నడు’గా పొరబడే అవకాశం తక్కువ. కోస్తా రూపంలో ఆ అనునాసికం లేకపోవడంవల్లనే ఉకారం మీద భారం పడింది. ఒక మాండలికంలో వడి మాట తెచ్చే సందిగ్ధం మరో మాండలికంలో పుట్టకపోవచ్చునన్న ఈ విషయం వర్ణనాత్మక వ్యాకరణాలలో అంతగా చర్చకు రాలేదు. కోస్తా శిష్టరూపాన్ని ఒక్కదాన్నే నమూనాగా తీసుకోవడం దీనికి కారణమనుకోవచ్చు.

ఇక నిఘంటురూపం వడి మాటకు అతీతమైనదన్న రెండో ఊహ. దీన్ని కూలదోయడానికి ‘మాట్లాడు’ అన్న ఒక్క మాట చాలు. మాటలు ఆడడం ‘మాటలాడు’ అయింది, టకారం మీది అకారం పోయి ‘మాట్లాడు’ అయింది. మధ్యాచ్చులోపంలో సాధారణంగా నిలిచే అకారమే ఇక్కడ పోయింది, బాగా నలిగిన పదం కావడం దీనికి కారణం కావచ్చు. ఒకనాటి వడి మాట ఇప్పుడు నిఘంటువులో ఆరోపం. నేటి వక్త ఆ ‘మాట్లాడు’ నుంచి బయలుదేరి ‘మాట్లాడ్తున్నాడు’ అంటుంటే, విశ్లేషకుడు ‘మాట్లాడు’ను శుద్ధమూలంగా, ‘మాట్లాడ్తున్నాడు’ను దాని వికృతిగా చెబుతున్నాడు. ‘మాట్లాడు’ కూడా వికృతే. ‘కూరుచుండు, కూర్చుండు, కూచుండు’ అన్న వరుసలోను, ‘నిలుచుండు, నిల్చుండు, నించుండు’ అన్న వరుసలోను ఇదే కథ మూడేసి అంచెలుగా కనబడుతుంది. ‘కూరుచుండు’లో ఉకారం పోయి రేఫం చకారానికి తగిలింది, ఆపైన రేఫమే పోయింది. ‘నిలుచుండు’లో ఉకారం పోయి లకారం చకారానికి తగిలి అనునాసికంగా మారింది.

బహువచనంలో ఇది మరీ స్పష్టం. ‘గుడి’ మీద ‘లు’ చేరి, ఇకారం ఉకారమై, అదీ లోపించి, డకారం లకారంతో కలిసి ‘గుళ్ళు’ అయింది. ‘బండి’ ‘బండ్లు’గా ఒకచోట, ‘బళ్ళు’గా మరొకచోట నిలిచింది. ‘ఊరు’కు ‘ఊర్లు’, ‘ఊళ్ళు’ రెండూ వాడుకలో ఉన్నాయి. వీటిలో కొన్నింటిని వ్యాకర్తలు సూత్రబద్ధం చేశారు గనుక అవి వ్యాకరణకార్యాలుగా పేరు పొందాయి. సూత్రం రాక ముందు అవి ఎవరో నోట వడిగా పలికిన మాటలే.

ఒకే పూర్వరూపం ప్రాంతాన్ని బట్టి వేరువేరు లోపాలకు గురైనప్పుడు పరిస్థితి ఎలా ఉంటుందో ‘వచ్చినాడు’ చూపిస్తుంది. రాయలసీమ వ్యవహారంలో ఈ రూపం దాదాపు చెక్కుచెదరకుండా వినబడుతుంది. కోస్తాలో నకారం పోయి, ‘చ్చి’లోని ఇకారం తరువాతి ఆకారంతో కలిసి ‘వచ్చాడు’ అయింది. ఆ కలిసిన అచ్చు ‘ఆ’ కాదు, ‘ఏ’ కాదు. నడిమి పలుకు అది. దానికి తెలుగు లిపిలో గుర్తు లేదు కాబట్టి ‘చ్చా’ అనే వ్రాస్తారు, కొందరు పూర్వులు ‘వచ్చేడు’ అని కూడా వ్రాశారు. తెలంగాణలో నకారం నిలిచింది. దీర్ఘం హ్రస్వమై ‘వచ్చినడు’, ఆ హ్రస్వమూ పోయి నకారం డకారానికి తగిలి ‘వచ్చిండు’ అయింది. ఒకచోట హల్లును వదిలి అచ్చులను కలిపారు, మరొకచోట అచ్చును వదిలి హల్లులను కలిపారు. గుంటూరు వక్తకు ‘వచ్చాడు’ వడి మాటగా తోచదు. అది ఆయనకు ప్రమాణరూపం. ‘వచ్చిండు’ మాత్రం ‘మాండలికం’. రెండింటికీ తల్లి ఒకటేనని, రెండూ దాన్ని సమానంగా కుదించాయని గుర్తించినప్పుడు ప్రమాణం, మాండలికం అన్న పేర్లు ధ్వనిచరిత్రను చెప్పే పేర్లు కావని తెలుస్తుంది.

బహువచనంలో మరొక విశేషం ఉంది. ‘వచ్చినారు’ తెలంగాణలో ‘వచ్చినరు’ అయి, అకారం పోయి ‘వచ్చిన్రు’ అయింది. దానితో పాటు ‘వచ్చిండ్రు’ అన్న రూపమూ విస్తారంగా వాడుకలో ఉంది. లేని డకారం ఎక్కడి నుంచి వచ్చింది? నకారం నుంచి రేఫానికి పోయేటప్పుడు ముక్కుదారి మూసుకోవడం, నాలుక విడవడం ఒకే క్షణంలో జరగాలి. ముక్కుదారి లవమాత్రం ముందు మూసుకుంటే ఆ నడుమ డకారం తానై పుడుతుంది. ఏకవచనంలోని ‘వచ్చిండు’ను చూసి, దాని పోలికన బహువచనంలోకి డకారం వచ్చిందని కూడా చెప్పవచ్చు. రెండో వివరణే నిజమైతే, ఏకవచనంలో అలాంటి డకారం లేని పదాలలో న, రల నడుమ డకారం రాకూడదు. క్షేత్రసేకరణ చేసేవారు పరిశీలించవలసిన చోటు అది. ఒకటి మాత్రం నిశ్చయం. వర్ణాలు తగిలినచోట లోపమే జరగాలన్న నియమం లేదు. ఆగమమూ జరగవచ్చు.

వ్రాతలో వీటిని చూపడం గురించి కథకులకు, పరిష్కర్తలకు ఒక చిక్కు ఉంది. మాండలిక కథాసాహిత్యంలో ఒకే రచనలో ‘అడుగుతాడు’, ‘అడుగ్తాడు’, ‘అడుక్తాడు’ మూడూ కనబడడం అరుదు కాదు. పరిష్కర్తలు వాటిని ఒకే రూపానికి తెచ్చి ‘శుద్ధి’ చేస్తారు. పైన చెప్పినదాన్ని బట్టి ఆ మూడు రూపాలూ మూడు వడులను చూపుతాయి. కోపంగా, తొందరగా ఉన్న పాత్ర నోట ‘అడుక్తాడు’, అదే పాత్ర పెద్దలముందు నింపాదిగా పలికినప్పుడు ‘అడుగుతాడు’ రావడం రచయిత అజాగ్రత్త కాకపోవచ్చు, అతని చెవి నిశితత్వం కావచ్చు. ఏకరూపత కోసం సవరించే ముందు ఆ సన్నివేశంలో ఎవరు ఎవరితో ఎంత వడిగా మాట్లాడుతున్నారో చూడడం అవసరం. దీనికి భిన్నంగా, పదాదిలో ‘ఎళ్తాను’, ‘ఒచ్చాను’ అని వ్రాసి పాత్రను గ్రామీణుడిగా సూచించే రచయితలు తమ నగరపాత్రల చేత ‘ఇంటికి వెళ్తాను’ అని విడదీసి పలికిస్తారు. నగరపాత్రలు కూడా ‘ఇంటికెళ్తాను’ అనే అంటారు. వ్రాతలోని ఆ ఖాళీ స్థలం వారి నోట లేదు. పల్లెకు, పట్నానికి నడుమ ఇక్కడ కనబడే దూరంలో కొంత లిపి కల్పించినదే.

నిఘంటునిర్మాణంలో దీనికి తగిన మార్పు పెద్దదేమీ కాదు. ప్రతి ఆరోపానికి ఉచ్చారణ ఇవ్వనక్కరలేదు. ధాతువుకు ‘తా’ ప్రత్యయం, ‘కొను’ అనుబంధం చేరినప్పటి రూపాలను నెమ్మది పలుకులో, వడి పలుకులో వేరువేరుగా ఇచ్చి, వడిరూపం నెమ్మదిలో విడివడుతుందో లేదో సూచిస్తే చాలు. ‘తిను’ కింద ‘తింటాడు’ ఒక్కటే ఉంటుంది. ‘అడుగు’ కింద ‘అడుగుతాడు’, ‘అడుక్తాడు’ రెండూ ఉంటాయి. ‘పడు’, ‘పట్టు’ కింద చేర్చిన ‘కొను’ రూపాల వద్ద ఒకదాన్ని చూసి మరొకటి చూడమన్న సూచన ఉంటుంది. వకారాది క్రియలకు మాత్రం పదాదిరూపంతో పాటు సంధిలో వచ్చే రూపాన్ని ప్రాంతభేదంతో ఇవ్వవలసి ఉంటుంది. ‘వచ్చు’ కింద ఒకచోట ‘-ఒచ్చు’, మరొకచోట ‘-అచ్చు’.